తొమ్మిదేళ్ల పిల్లాడికి ఏ గేమ్? అంకె కాదు, అంకె కింద ఉన్న లైన్లు చదవండి

ఈసారి స్టూడియో సెటప్ ఏం లేదు, మొగుడంపల్లిలో మా ఇంటి నుంచే మాట్లాడుతున్నా. టాపిక్ చిన్నదే. తొమ్మిదేళ్ల పిల్లలకు ఫోన్‌లో గేమ్ ఎంచుకునేటప్పుడు, ప్లే స్టోర్‌లో కనిపించే ఏజ్ రేటింగ్‌ని ఎలా చదవాలి?

ఇది అమ్మానాన్నలకు చెప్పాల్సిన ముచ్చట కదా, మాకెందుకు అంటారేమో. మన ఇళ్లల్లో జరిగేది ఒకసారి గుర్తు చేసుకోండి. పిల్లాడు ఆడేది వాళ్ల అమ్మ ఫోన్‌లోనో నాన్న ఫోన్‌లోనో. కానీ "జర ఆ గేమ్ ఎక్కించి ఇవ్వురా" అని ఫోన్ చేతిలో పెట్టేది మనకే. అన్న, అక్క, బాబాయి, మేనమామ, ఎవరైతేనేం, ఇన్‌స్టాల్ బటన్ నొక్కేది మనమే. ఆ గేమ్ పిల్లాడికి సరిపోతుందా లేదా అని చూసే ఆఖరి మనిషి కూడా మనమే. మన తర్వాత ఇంకెవరూ చూడరు.

మా అక్క కొడుక్కి తొమ్మిదేళ్లు. మొన్న సెలవులకు వచ్చినప్పుడు "మామా, ఈ మూడు కావాలి" అని లిస్ట్ చెప్పాడు. ఒక లూడో గేమ్, మైన్‌క్రాఫ్ట్, ఒక షూటింగ్ గేమ్. ఈ మూడింటినీ ఎలా చూశామో చివర్లో వరుసగా చెప్తా. ముందు ఆ రేటింగ్ ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలి. అది తెలిస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది.

ఆ అంకె ఎవరు వేస్తారు?

సినిమాకు మన దగ్గర సెన్సార్ బోర్డు ఉంది. కొంతమంది కూర్చుని సినిమా మొత్తం చూసి సర్టిఫికెట్ ఇస్తారు. గేమ్‌లకు కూడా అలాంటి బోర్డు ఏదో ఉంటుందని చాలామంది అనుకుంటారు. మన దేశంలో గేమ్‌లకు వయసు రేటింగ్ ఇచ్చే సెన్సార్ బోర్డు లాంటిది లేదు. మన ఫోన్‌లో ప్లే స్టోర్ చూపించే "Rated for 7+" ఐఏఆర్‌సీ అనే అంతర్జాతీయ పద్ధతి నుంచి వస్తుంది. రకరకాల దేశాల రేటింగ్ సంస్థలు కలిసి పెట్టుకున్న పద్ధతి అది. గూగుల్ 2015 నుంచి దాన్ని వాడుతోంది. అమెరికాలో ఫోన్ తెరిస్తే అక్కడి ఈఎస్ఆర్‌బీ రేటింగ్ కనిపిస్తుంది. యూరప్‌లో చాలా దేశాల్లో పెగి రేటింగ్ కనిపిస్తుంది. సొంత బోర్డు లేని మనలాంటి దేశాలకు ఐఏఆర్‌సీ సాధారణ అంకెలు ఐదు ఉన్నాయి: 3+, 7+, 12+, 16+, 18+.

ఇప్పుడు అసలు సంగతి. ప్లే స్టోర్‌లో ఈ అంకె రావడానికి ముందు ఎవరూ కూర్చుని గేమ్ మొత్తం ఆడి చూడరు. గేమ్ తయారుచేసినవాళ్లే ఒక ప్రశ్నల ఫారం నింపుతారు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాళ్లకు ఇది తెలిసిన పనే. గూగుల్ డెవలపర్ అకౌంట్‌లోకి వెళ్లి కంటెంట్ రేటింగ్ అనే చోట అవును, కాదు అని జవాబులు పెట్టుకుంటూ పోవాలి. గేమ్‌లో కొట్టుకోవడం ఉందా? ఉంటే దెబ్బలు తినేది మనుషులా, బొమ్మల్లాంటి జీవులా? రక్తం కనిపిస్తుందా? భయపెట్టే సీన్లు ఉన్నాయా? బూతులు ఉన్నాయా? జూదం లాంటి ఆట ఉందా? ఆడేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చా? డబ్బు పెట్టి వస్తువులు కొనవచ్చా? ఫారం పంపగానే ఏ దేశానికి ఏ రేటింగో లెక్క కట్టి వెంటనే ఇచ్చేస్తుంది.

అబద్ధం చెప్తే? తర్వాత తనిఖీలు ఉంటాయి, ఫిర్యాదులు వస్తే రేటింగ్ మారుస్తారు, గేమ్‌ని స్టోర్ నుంచి తీసేయొచ్చు కూడా. కాబట్టి పేరున్న కంపెనీలు ఊరికే తప్పుడు జవాబులు పెట్టవు. కానీ ఎవరూ పెద్దగా చూడని చిన్న గేమ్‌కి తనిఖీ ఎప్పుడు పడుతుందో చెప్పలేం. అందుకే పెద్ద గేమ్ 7+ని ఎంత నమ్ముతామో, నిన్న మొన్న వచ్చిన పేరులేని గేమ్ 7+ని అంతే నమ్మొద్దు.

అంకె ఏం చెప్తుంది, ఏం చెప్పదు

తొమ్మిదేళ్ల పిల్లాడు 7కీ 12కీ మధ్యలో ఉంటాడు. అంటే లెక్క ప్రకారం 3+, 7+ గేమ్‌లు ఓకే, 12+ నుంచి ఆగాలి. ఇక్కడివరకు ఈజీ. కానీ ఈ అంకె ఒక్కటే ప్రశ్నకు జవాబు. "స్క్రీన్ మీద కనిపించేదీ వినిపించేదీ ఏ వయసు పిల్లలకు ఇబ్బంది?" అంతే.

ఆడటం ఎంత కష్టమో అది చెప్పదు. చెస్ గేమ్‌కి 3+ ఉంటుంది. మూడేళ్ల పిల్ల చెస్ ఆడుతుందా? చాలా బ్యాంకు యాప్‌లకు కూడా 3+ ఉంటుంది, ఎందుకంటే అందులో రక్తం లేదు, బూతు లేదు! 3+ అంటే "చిన్నపిల్లల కోసం చేసింది" అని కాదు. "చూడకూడనిది ఇందులో లేదు" అని మాత్రమే.

గేమ్‌లో అవతలి వైపు ఎవరు ఉంటారో కూడా ఆ అంకె చెప్పదు. ఇది చాలా పెద్ద విషయం. అమెరికా బోర్డు అయితే ఆన్‌లైన్ గేమ్‌ల గురించి "Online Interactions Not Rated by the ESRB" అని నేరుగా రాసేస్తుంది. అంటే, గేమ్‌కి మేం రేటింగ్ ఇచ్చాం గానీ, అందులో ముక్కూమొహం తెలియనివాళ్లు మీ పిల్లాడితో ఏం మాట్లాడతారో దానికి కాదు అని.

మరి ఎక్కడ చూడాలి?

ప్లే స్టోర్‌లో గేమ్ పేజీ తెరవండి. పేరు కింద స్టార్ల పక్కన "Rated for 7+" అని ఒక చిన్న డబ్బా ఉంటుంది. చాలామంది దాన్ని చూసి వదిలేస్తారు. దాని మీద నొక్కండి. లోపల అంకె కింద ఇంకో లైనో రెండు లైన్లో ఉంటాయి. తొమ్మిదేళ్ల పిల్లాడి విషయంలో నిజంగా పనికొచ్చేవి ఇవే.

మొదటిది, ఆ అంకె ఎందుకు వచ్చిందో చెప్పే లైన్. "Mild Violence", "Fear", "Moderate Violence", "Simulated Gambling" లాంటి మాటలు ఉంటాయి. హింస మాటల మధ్య తేడా తెలుసుకోండి. మైల్డ్ అంటే కార్టూన్ దెబ్బల్లాంటివి. బొమ్మ ఎగిరి పడుతుంది, మాయమవుతుంది, మళ్లీ లేస్తుంది. పెగి లెక్కలో కూడా 7లో ఉండే హింస నిజంలా అనిపించనిదే అయి ఉండాలి. మనిషిలా కనిపించే పాత్రను కొట్టడం మొదలైతే, అది నిజంలా లేకపోయినా 12లోకి వెళ్తుంది. నిజ జీవితంలో దెబ్బలా కనిపిస్తే 16లోకి పోతుంది. అంటే 7 నుంచి 12కి దాటేటప్పుడు మారేది ముఖ్యంగా దెబ్బ తినేది ఎవరు అన్నదే.

"Fear" అన్న మాటను తేలిగ్గా తీసుకోవద్దు. పిల్లలందరికీ ఒకే అంకె వేస్తారు గానీ, భయం ఒక్కో పిల్లాడికి ఒక్కోలా ఉంటుంది. దయ్యం సినిమా చూసి నవ్వే తొమ్మిదేళ్ల పిల్ల ఉంటుంది, రాత్రి బాత్‌రూమ్‌కి ఒంటరిగా పోలేని తొమ్మిదేళ్ల పిల్లాడూ ఉంటాడు. మీ ఇంట్లో పిల్లాడు రెండో రకమైతే, 7+ అని ఉన్నా సరే "Fear" చూసి ఆగండి. ఆ పిల్లాడు బోర్డుకు తెలియదు, మీకు తెలుసు.

రెండో లైన్ ఇంకా ముఖ్యం. "Users Interact" అని ఉంటే, ఆడేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చు, మెసేజ్‌లు పంపుకోవచ్చు, లేదా తాము చేసినవి చూపించుకోవచ్చు. "Shares Location" అని ఉంటే, ఫోన్ ఎక్కడుందో ఇతర ఆటగాళ్లకు తెలిసే అవకాశం ఉంది. "In-Game Purchases" అంటే నిజమైన డబ్బుతో లోపల కొనేవి ఉన్నాయి. దాని పక్కన "Includes Random Items" అని ఉంటే ఇంకాస్త జాగ్రత్త. డబ్బు కట్టాక ఏం వస్తుందో ముందు తెలియని డబ్బాలు అవి. చిన్నప్పుడు కిరాణా కొట్లో లక్కీ డ్రా అట్ట మీద చీటీ చింపేవాళ్లం చూడండి, అదే సిస్టం. చీటీకి రూపాయి పోయేది, ఇక్కడ ఎంత పోతుందో లెక్క ఉండదు.

ఈ రెండో లైన్‌లోని మాటలు మన దగ్గర అంకెను పెద్దగా కదిలించవు. మళ్లీ చెప్తున్నా, ఇదే ఈ ఎపిసోడ్‌లో అసలు పాయింట్. గేమ్‌లో చాట్ ఉన్నా, కొనుగోళ్లు ఉన్నా, స్క్రీన్ మీద బొమ్మలు శుభ్రంగా ఉంటే 3+ వచ్చేస్తుంది. పైన 3+ చూసి నిశ్చింతగా ఫోన్ ఇచ్చేస్తాం, కింద "Users Interact" అని రాసి ఉన్న సంగతి చూడం.

డబ్బు విషయం ఎందుకు ఇంత నొక్కి చెప్తున్నానంటే, 2022లో హైదరాబాద్ అంబర్‌పేటలో ఒక పదహారేళ్ల అబ్బాయి గేమ్‌లో కొనుగోళ్ల మీద ఇంట్లోవాళ్ల బ్యాంకు ఖాతా నుంచి 36 లక్షల దాకా పోగొట్టాడని పేపర్లలో వచ్చింది. ఒక్కరోజులో పోయిన డబ్బు కాదది. చిన్న చిన్న మొత్తాలతో మొదలై పెరిగింది. పదహారేళ్లవాడికే లెక్క తెలియలేదంటే తొమ్మిదేళ్లవాడికి గేమ్‌లో వజ్రానికీ, అమ్మ ఖాతాలో రూపాయికీ తేడా ఎలా తెలుస్తుంది?

ఒకే గేమ్, రెండు అంకెలు

ఇప్పుడు మైన్‌క్రాఫ్ట్ తీసుకుందాం. తొమ్మిదేళ్ల వయసుకు ఇది సరిగ్గా సరిహద్దులో పడుతుంది. యూరప్‌లో పెగి దీనికి 7 ఇచ్చింది. అమెరికాలో ఈఎస్ఆర్‌బీ "Everyone 10+" ఇచ్చింది, కారణం "Fantasy Violence" అని రాసింది. అంటే తొమ్మిదేళ్ల పిల్లాడు జర్మనీ పక్కన ఫ్రాన్స్‌లో ఉంటే ఆడొచ్చు, అమెరికాలో ఉంటే ఇంకో ఏడాది ఆగాలి. గేమ్ మాత్రం అదే!

ఎవరిది కరెక్ట్? ఇద్దరిదీ. వాళ్ల మెట్లే వేరు. అమెరికా వాళ్లకు అందరికీ సరిపోయే "Everyone" తర్వాత మెట్టు 10+, ఏడు అన్న మెట్టే లేదు. యూరప్ వాళ్లకు 7 తర్వాత నేరుగా 12. మధ్యలో ఉన్న గేమ్ ఒక చోట కిందికి, ఇంకో చోట పైకి జరుగుతుంది. ఐఫోన్‌లో అయితే ఇంకో రకం. ఆపిల్ తన సొంత మెట్లు వాడుతుంది. 2025లో వాటిని మార్చి 4+, 9+, 13+, 16+, 18+ చేసింది. అందుకే "అక్కడ 10+ అంట, ఇక్కడ 7+ అంట" అని గొడవ పడటం దండగ. అంకెలు తేడాగా ఉన్నప్పుడు కారణం లైన్ చదివి, గేమ్‌ని మనమే పది నిమిషాలు ఆడి చూడాలి.

ఆడితే ఏం కనిపిస్తుంది? పగలు గడ్డి, చెట్లు, ఆవులు. రాత్రి అయితే జాంబీలు, అస్థిపంజరాలు వస్తాయి. అన్నీ పెట్టెల్లాంటి బొమ్మలే. కొడితే ఎర్రగా మెరిసి, పడిపోయి, పొగలా మాయమైపోతాయి. రక్తం లేదు. చప్పుళ్లు మాత్రం చీకట్లో కొంచెం ఉలిక్కిపడేలా చేస్తాయి. సెట్టింగ్స్‌లో డిఫికల్టీని "Peaceful" చేస్తే దాడి చేసే జీవులు రావు, పిల్లాడు హాయిగా ఇల్లు కట్టుకోవచ్చు. అంటే "Fantasy Violence" అన్న కారణాన్ని ఒక్క సెట్టింగ్‌తో దాదాపు తీసేయొచ్చు. ఇది అంకె చూస్తే తెలియదు, కారణం చూస్తేనే తెలుస్తుంది.

రేటింగ్ పెట్టలేని గేమ్‌లు

కొన్నిటికి అంకె బదులు "Parental guidance" అని వస్తుంది. రోబ్లాక్స్ పెద్ద ఉదాహరణ. అది ఒక గేమ్ కాదు, జనం తయారుచేసి పెట్టిన లక్షల గేమ్‌ల సంత. ఈరోజు ఉన్నది రేపు ఉండకపోవచ్చు, కొత్తది రావచ్చు. మొత్తానికి ఒక అంకె ఎలా వేస్తారు? అందుకే పెగి దానికి అంకె తీసేసి ఆశ్చర్యార్థకం గుర్తు పెట్టింది. ఆ గుర్తు చూస్తే "పర్లేదు అన్నారు" అని కాదు, "మేం చూడలేం, మీరే చూసుకోండి" అన్నారని అర్థం. పక్కన కూర్చుని చూసే పెద్దవాళ్లు ఇంట్లో లేకపోతే, తొమ్మిదేళ్ల పిల్లాడికి ఆ గుర్తు ఉన్నది వద్దనే నేను అంటా.

మూడు గేమ్‌లు, మూడు నిర్ణయాలు

ఇప్పుడు మా అల్లుడి లిస్ట్. మొదట లూడో. డబ్బా నొక్కితే 3+. కింద "Users Interact, In-Game Purchases". పేజీ కింద "About this game" తెరిచి చూస్తే లోపల కొనేవాటి ధరలు ఎంత నుంచి ఎంత దాకా ఉన్నాయో రాసి ఉంటుంది. తక్కువది పదుల్లో ఉంటే, ఎక్కువది వేలల్లో ఉంది. మా అక్క "లూడోనే కదరా, దీనికేం భయం" అంది. గేమ్ తెరిచి ఆన్‌లైన్ ఆట చూపించా. అవతల నలుగురిలో ఎవరూ మనకు తెలియదు, చాట్ డబ్బా తెరిచే ఉంది. "అమ్మో, వీళ్లెవర్రా?" అంది. అదే గేమ్‌లో ఒకే ఫోన్ మీద నలుగురు కూర్చుని ఆడే పద్ధతి ఉంది, దానికి నెట్ అక్కర్లేదు. అదొక్కటే ఆడాలన్న షరతు మీద ఓకే చేశాం. ఆడేటప్పుడు డేటా ఆపేస్తాం. ప్రకటనల బెడద కూడా అప్పుడు చాలావరకు తగ్గుతుంది.

రెండోది మైన్‌క్రాఫ్ట్. ఇది డబ్బు పెట్టి కొనే గేమ్, కాబట్టి అక్క ముందు ముఖం మాడ్చింది. కానీ కారణం లైన్ చదివాం, ఆడి చూశాం. "Peaceful" పెట్టి, వేరేవాళ్లతో కలిసి ఆడే మల్టీప్లేయర్ ఆపి ఇచ్చాం. లోపల కొనుగోళ్లు ఉన్నాయి, వాటి సంగతి తాళం దగ్గర చెప్తా.

మూడోది షూటింగ్ గేమ్. 12+, "Moderate Violence". కింద "Users Interact", "In-Game Purchases", పక్కన "Includes Random Items". ఇక్కడ ఒక్క లైన్ కాదు, మూడూ అడ్డం వస్తున్నాయి. మనిషిని కాల్చడం ఉంది, తెలియనివాళ్ల మాటలు చెవిలో ఉంటాయి, లక్కీ డ్రా డబ్బా ఉంది. ఒకటి సెట్టింగ్‌తో ఆపితే ఇంకోటి మిగులుతుంది. వద్దన్నాం. "క్లాస్‌లో అందరూ ఆడుతున్నరు మామా" అన్నాడు. నేను "నీకు పన్నెండు అయినంక ఇద్దరం కలిసి మళ్లీ చూద్దాం" అన్నా. ఇక్కడ అంకె పనికొచ్చింది చూడండి. "మామకు ఇష్టం లేదు" అని కాకుండా, స్క్రీన్ మీద రాసి ఉన్న 12ని వాడికే చూపించి చదివించా. అలిగాడు గానీ వాదించలేదు.

తాళం ఎలా వేయాలి, ఆ తాళం ఎక్కడ పనిచేయదు

ప్లే స్టోర్‌లో కుడివైపు పైన ప్రొఫైల్ బొమ్మ నొక్కండి. తర్వాత వరుస ఇది:

```
Settings > Family > Parental controls
```

ఆన్ చేసి, పిల్లాడికి తెలియని పిన్ పెట్టి, గేమ్‌ల దగ్గర 7+ వరకు అని ఎంచుకోండి. తర్వాత అదే సెట్టింగ్స్‌లో "Purchase verification" చూసి, ప్రతి కొనుగోలుకూ అడిగేలా పెట్టండి. లూడోకైనా మైన్‌క్రాఫ్ట్‌కైనా ఇదే కావాలి.

ఇప్పుడు ఈ తాళానికి ఉన్న కంతలు. ఇది కొత్తగా ఇన్‌స్టాల్ చేసేవాటినే ఆపుతుంది. ఫోన్‌లో ఇప్పటికే ఉన్న గేమ్‌ని ముట్టుకోదు, దాన్ని మీరే తీసేయాలి. ప్లే స్టోర్ బయట నుంచి, అంటే ఫ్రెండ్ పంపిన ఏపీకే ఫైల్ ద్వారా వచ్చే గేమ్‌ని ఆపదు. అలాంటి ఫైల్‌కి చదవడానికి రేటింగ్ డబ్బానే ఉండదు. పిల్లాడి ఫోన్‌లో తెలియని గేమ్ కనిపిస్తే, ప్లే స్టోర్‌లో ఆ పేరు వెతకండి. పేజీ దొరక్కపోయినా, ఇన్‌స్టాల్ అయి ఉన్నట్టు చూపించకపోయినా అది బయట నుంచి వచ్చి ఉండొచ్చు.

ఇంకో కంత మన ఇళ్లల్లోనే ఉంది. అమ్మకు చదవడం ఇబ్బందైతే, కొట్లో డబ్బులు కట్టేటప్పుడు యూపీఐ పిన్ నొక్కేది పిల్లాడే. ఆ పిన్ వాడికి తెలిసినంత కాలం ప్లే స్టోర్‌లో ఎన్ని తాళాలు వేసినా డబ్బుకు కాపలా లేనట్టే. పిన్ మార్చి, మెసేజ్‌లలో పది, ఇరవై రూపాయల చిన్న కోతలు ఉన్నాయేమో నెలకోసారి చూడండి. పెద్ద నష్టాలు చిన్న కోతలతోనే మొదలవుతాయి.

ఆఖరి మాట. గేమ్ అప్‌డేట్ అయితే కంటెంట్ మారొచ్చు, చాట్ కొత్తగా రావచ్చు. కంటెంట్ మారితే తయారుచేసినవాళ్లు ఆ ఫారం మళ్లీ నింపాలి, అప్పుడు అంకె గానీ కింద లైన్ గానీ మారుతుంది. మీరు ఎక్కించిన గేమ్ పేజీని సెలవులకు ఒకసారి తెరిచి, ఆ డబ్బా మళ్లీ నొక్కి చూడండి. అర నిమిషం పని. ఈ వీడియో అయిపోగానే ఇంట్లో పిల్లాడు ఎక్కువగా ఆడే ఒక్క గేమ్‌తో మొదలుపెట్టండి. ఉంటా మరి.